జవాబు గడియారం ఎక్కడ ఆగాలి? కస్టమర్ సపోర్టు అధిపతులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కస్టమర్ సపోర్టు విభాగాల అధిపతులకు,

నమస్కారం. నేను ఎనిమిదేళ్లు సోషల్ మీడియా సపోర్టు డెస్కులో పనిచేశాను. చివరి మూడేళ్లు షిఫ్టు బాధ్యత నాదే. ఈ లేఖలో ఉన్న విషయాలనే మా పై అధికారులకు మూడుసార్లు రాసి ఇచ్చాను. మొదటిసారి పరిశీలిస్తామన్నారు. రెండోసారి నెలవారీ రిపోర్టు నా ముందు తెరిచి, అన్నీ పచ్చగానే ఉన్నాయి కదా అన్నారు. మూడోసారి ఉలుకూ పలుకూ లేదు. ఆ ఉద్యోగం మానేశాక నేనూ అందరిలాగే కస్టమర్‌గా కొన్ని సంస్థలకు సందేశాలు పెట్టాల్సి వచ్చింది. అక్కడా అదే తంతు. ఇది ఒక్క సంస్థలో ఉన్న లోపం కాదని అప్పుడు అర్థమైంది. అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సోషల్ మీడియాలో మీరు కొలుస్తున్న "మొదటి స్పందన సమయం" కస్టమర్ ఎదురుచూసిన సమయం కాదు. గడియారం తప్పు చోట ఆగుతోంది. అది సరైన చోట ఆగేదాకా, గడువు 15 నిమిషాలని పెట్టినా, గంటని పెట్టినా జనానికి ఒరిగేదేమీ లేదు.

ఎందుకంటున్నానో తెలియాలంటే, నా షిఫ్టులో చూసిన ఒక కేసు మొదటినుంచీ చెప్పాలి.

ఒక శుక్రవారం రాత్రి 9:12కి ఒకావిడ మా సంస్థ ఖాతాను ట్యాగ్ చేసి పోస్టు పెట్టారు. ఒకే ఆర్డరుకు రెండుసార్లు డబ్బు కట్ అయిందని రాసి, ఆర్డర్ నంబరు కూడా ఇచ్చారు. 9:13కి మా ఆటోమేటిక్ జవాబు వెళ్లింది: మీ సందేశం అందింది, త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తాం. అప్పటికి డెస్కులో మనుషులు లేరు. 9:40కి మరో ఖాతా నుంచి ఆవిడకు జవాబు వచ్చింది. మా లోగో, మా పేరే, చివర ఒక అక్షరం తేడా. వాళ్లు ఎంతో మర్యాదగా మాట్లాడారు, ఆర్డర్ నంబరు కూడా సరిగ్గా చెప్పారు. అది ఆవిడ పోస్టులోనే ఉంది మరి. డబ్బు వెనక్కి పంపడానికి ఓటీపీ చెప్పమన్నారు. ఆవిడ చెప్పారు. మూడోసారి డబ్బు పోయింది. ఈసారి మా దగ్గరికి కాదు, దొంగల దగ్గరికి.

శనివారం ఉదయం 11:05కి మా మనిషి మొదటిసారి ఆ పోస్టు చూశాడు. దయచేసి మీ ఆర్డర్ నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పంపండి అని రాశాడు. నంబరు పోస్టులోనే ఉంది, కానీ అతని చేతిలో ఉన్నది ముందే రాసిపెట్టిన వాక్యం. ఆవిడ మళ్లీ పంపారు. 11:50కి కేసు చెల్లింపుల విభాగానికి వెళ్లింది. ఆ విభాగానికి సోమవారం దాకా సెలవు. ఆదివారం ఆవిడ "ఏమైంది?" అని అడిగారు. 24 గంటలు కదలిక లేని టికెట్‌ను మా సాఫ్ట్‌వేర్ తనంతట తానే మూసేస్తుంది కాబట్టి, ఆ ప్రశ్న కొత్త టికెట్ అయింది. కొత్త గడియారం మొదలైంది. ఒక నిమిషంలో మళ్లీ ఆటోమేటిక్ జవాబు. సోమవారం సాయంత్రం 4 గంటలకు ఇంకో ఉద్యోగి ఆ కొత్త టికెట్ తెరిచి మళ్లీ ఆర్డర్ నంబరు అడిగాడు. బుధవారం మధ్యాహ్నం 12:30కి, రెండోసారి కట్ అయిన డబ్బు వెనక్కి వేశామని చెప్పగలిగాం.

ఆవిడ లెక్కలో ఇది 4 రోజుల 15 గంటల 18 నిమిషాలు. మా రిపోర్టు లెక్కలో రెండు టికెట్లు, రెండింటికీ మొదటి స్పందన ఒక నిమిషం, రెండూ పరిష్కారమైనవే. దొంగల చేతికి పోయిన డబ్బుకు రిపోర్టులో గడే లేదు. ఎవరూ అబద్ధం రాయలేదు. కొలత పెట్టిన తీరే అలా ఉంది. నేను అధికారులకు రాసిన మూడు లేఖల్లోనూ ఈ కేసు ఉంది.

సోషల్ మీడియాలో సపోర్టు ఇవ్వడం కొత్త విద్య కాదు. 2008లోనే అమెరికాలో కామ్‌కాస్ట్ ఉద్యోగి ఫ్రాంక్ ఎలియాసన్ ట్విటర్‌లో కస్టమర్లకు జవాబివ్వడం మొదలుపెట్టారు. 2013 సెప్టెంబరులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ప్రయాణంలో తన తండ్రి సామాను పోయిందని ఒకాయన చేసిన ఫిర్యాదును డబ్బు కట్టి ప్రకటనలా ట్విటర్‌లో తిప్పారు. ఆ ఖాతా ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకానే పనిచేస్తుందని సంస్థ చాలా గంటల తర్వాత జవాబిచ్చింది. విమానాలు మాత్రం రాత్రీ పగలూ తిరుగుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ల అనుభవం మన ముందుంది. నేర్చుకోవలసినవి తెలియక ఆగిపోలేదు, రిపోర్టు పచ్చగా కనబడుతుంటే నేర్చుకోవాలని ఎవరికీ అనిపించక ఆగిపోయాయి.

కింది కోరికలు మీ ముందు పెడుతున్నాను. ఒక్కొక్కదాని వెనక మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఉంది. ముందు దాన్ని చూడండి.

1. ఆటోమేటిక్ జవాబు దగ్గర గడియారం ఆపకండి.

ఆటోమేటిక్ జవాబు పంపడం తప్పు కాదు. సందేశం చేరిందని తెలియడం మంచిదే. కానీ అది రసీదు. జవాబు కాదు. ఫేస్‌బుక్ ఒకప్పుడు త్వరగా స్పందించే పేజీలకు ప్రత్యేక గుర్తు ఇచ్చేది. 90 శాతం సందేశాలకు జవాబివ్వాలి, స్పందన సమయం 15 నిమిషాల్లోపు ఉండాలి, అప్పుడే ఆ గుర్తు. ఆ లెక్కలో తక్షణ ఆటోమేటిక్ జవాబులను కలపలేదు. వేదిక నడిపేవాళ్లే కలపని దాన్ని మనం మన రిపోర్టులో ఎందుకు కలుపుతున్నాం?

గడియారం కస్టమర్ మొదటి సందేశంతో మొదలవ్వాలి. సందేశం చదివిన మనిషి, ఆ సమస్య గురించి ఏదైనా కొత్త విషయం చెప్పినప్పుడే ఆగాలి. "మీ నంబరు పంపండి" అన్నది ఆ నంబరు నిజంగా లేనప్పుడే జవాబు అవుతుంది. ఉన్న సమాచారాన్నే మళ్లీ అడిగితే గడియారం ఆగకూడదు. ఇది తేల్చడం కష్టమేమీ కాదు. వారానికి 30 సంభాషణలు తీసి, మొదటి మానవ జవాబులో కొత్త విషయం ఉందా లేదా అని ఒక మనిషి చదివి గుర్తు పెడితే చాలు. మా డెస్కులో నేను సొంతంగా ఈ పని కొన్నాళ్లు చేశాను. సాఫ్ట్‌వేర్ చూపించిన సంఖ్యకూ చదివితే తేలిన సంఖ్యకూ పొంతనే లేదు.

కస్టమర్ మళ్లీ రాస్తే పాత గడియారమే నడవాలి. అదే మనిషి అదే సమస్య గురించి వారంలోపు రాసిన ప్రతి సందేశమూ పాత టికెట్టులోకే చేరాలి. ఇంకో సంగతి కూడా చూసుకోండి. కొన్ని ఇన్‌బాక్సుల్లో వరుస చివరి సందేశం సమయాన్ని బట్టి ఉంటుంది. పాతవాటితో మొదలుపెట్టి చూసుకుంటూ వచ్చే డెస్కులో, "ఏమైంది?" అని అడిగిన మనిషి ఆ ఒక్క ప్రశ్నతో వరుస చివరికి పోతాడు. ఓపిక పట్టినవాడి వంతు ముందొస్తుంది, అడిగినవాడి వంతు వెనక్కి పోతుంది. ఈ సెట్టింగు ఎలా ఉందో మీ డెస్కులో ఈరోజే కనుక్కోమని నా మనవి.

2. సగటు చూపించకండి. పదిమందిలో తొమ్మిదిమందికి ఎంతలోపు జవాబు వచ్చిందో చూపించండి.

100 సందేశాలు వచ్చాయనుకోండి. 80 మందికి 10 నిమిషాల్లో జవాబు వెళ్లింది. మిగిలిన 20 మందికి 20 గంటలు పట్టింది. సగటు తీస్తే 4 గంటల 8 నిమిషాలు. అంతసేపు ఎదురుచూసిన మనిషి ఆ వందమందిలో ఒక్కరూ లేరు. అందరినీ వరుసలో నిలబెట్టి మధ్యలో ఉన్న మనిషిని అడిగితే 10 నిమిషాలంటారు. అది విని అంతా బాగుందనుకుంటాం. 90వ మనిషిని అడిగితేనే 20 గంటలన్న మాట బయటికొస్తుంది. ఆ 20 మంది ఎవరన్నది కూడా చూడాలి. తేలిక ప్రశ్నలకు ఎవరైనా జవాబిస్తారు. వెనకబడిపోయేవి డబ్బు ఇరుక్కున్నవి, ఖాతా పోయినవి, రెండు విభాగాల మధ్య నలిగేవి. సగటు చాటున దాగిపోయేవాళ్లే అందరికంటే ఎక్కువ నష్టపోతున్నవాళ్లు.

3. గడువును నష్టాన్ని బట్టి పెట్టండి. ఫాలోవర్లను బట్టి కాదు.

అన్ని సందేశాలకూ ఒకే గడువు పెట్టడం న్యాయంగా కనిపిస్తుంది, కానీ కాదు. కొత్త రంగు ఎప్పుడొస్తుందని అడిగినవారూ, తన ఖాతాను ఎవరో వాడుకుంటున్నారని మొరపెట్టుకున్నవారూ ఒకే వరుసలో నిలబడాలా? నా అనుభవంలో మూడు అంచెలు సరిపోతాయి. నష్టం ఇప్పుడే జరుగుతూ ఉంటే, అంటే ఖాతా చేజారినా, డబ్బు తప్పుగా పోతున్నా, మనిషి దారిలో చిక్కుకుపోయినా, భద్రతకు ముప్పున్నా, 15 నిమిషాల్లో మనిషి జవాబు వెళ్లాలి, అది రాత్రయినా సరే. సేవ ఆగిపోయి పని జరగడం లేదంటే పనివేళల్లో గంటలోపు. మిగతా ప్రశ్నలకు పనివేళల్లో నాలుగు గంటలు చాలు. ఈ చివరి అంచెలో నాలుగు గంటలని నిజాయితీగా చెబితే జనం అర్థం చేసుకుంటారు. అన్నిటికీ 15 నిమిషాలని గొప్ప చెప్పుకుంటే, మొదటి అంచెకు కావలసిన మనుషులు మూడో అంచె ప్రశ్నలకు జవాబులు రాస్తూ ఉంటారు.

రాత్రి డెస్కు తెరిచే స్తోమత లేని చిన్న సంస్థలూ ఉన్నాయి. వాటిని తప్పుపట్టను. కానీ మొదటి అంచె సందేశాన్ని గుర్తించి, ఫోన్ దగ్గరున్న ఒక్క మనిషికి చేర్చే ఏర్పాటైనా ఉండాలి. ఆ మనిషికి ఖాతాను తాత్కాలికంగా స్తంభింపజేసే అధికారం ఉండాలి. అధికారం లేని మనిషిని రాత్రంతా మేలుకోబెట్టి ఏం లాభం?

ఇక ఫాలోవర్ల సంగతి. చాలా సాఫ్ట్‌వేర్లలో సందేశం పక్కనే రాసినవారి ఫాలోవర్ల సంఖ్య కనబడుతుంది. మా దగ్గర అది పెద్దదైతే కేసు ఎర్రరంగులో పైకొచ్చేది, మేనేజరు నా సీటు దగ్గరికే వచ్చేవారు. 40 మంది ఫాలోవర్లున్న మనిషి కేసు, అదే సమస్యయినా, రేపటికి పోయేది. దీనివల్ల జనం నేర్చుకుంటున్నది ఒక్కటే. నెమ్మదిగా చెబితే వినరు, నలుగురిలో రచ్చ చేస్తేనే వింటారు. తర్వాత వాళ్లు ఘాటుగా రాస్తే డెస్కులో ఉన్న పిల్లలు ఆ మాటలు పడుతున్నారు. జవాబిచ్చేవాళ్ల తెర మీదినుంచి ఆ సంఖ్యను తీసేయండి. ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో అదే సమస్య చెప్పుకున్నవారికీ అదే అంచె, అదే గడువు వర్తించాలి.

4. గడువు ప్రకటించే ముందు మనుషుల లెక్క చూడండి.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఓపిగ్గా చదవమని మనవి. నా మాట ఎవరూ చెవిన పెట్టనిది ఈ విషయంలోనే.

సాయంత్రం వేళ గంటకు 20 సందేశాలు వస్తున్నాయనుకుందాం. ఒక్కోదానికి చదవడం, వెతకడం, రాయడం అన్నీ కలిపి 6 నిమిషాల పని. గంటకు 120 నిమిషాల పని, అంటే ఇద్దరి పని. అందుకని ఇద్దరిని పెడితే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. సందేశాలు మూడు నిమిషాలకొకటి చొప్పున క్రమంగా రావు. ఒకసారి ఐదు కలిసొస్తాయి, ఒకసారి ఏమీ రావు. ఖాళీగా పోయిన నిమిషాన్ని దాచుకుని తర్వాత వాడుకోలేం. ఇద్దరికీ ఊపిరాడనంత పని ఉన్నచోట వరుస పెరుగుతూనే పోతుంది. ముగ్గురుంటే సగటు నిరీక్షణ మూడు నిమిషాలలోపే. ఈ లెక్కకు ఆధారం వేసింది కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ ఎర్లాంగ్. 1909లోనూ 1917లోనూ ఆయన ప్రచురించిన పరిశోధనలనుంచి వచ్చిన సూత్రాన్నే కాల్ సెంటర్లు ఈనాటికీ వాడుతున్నాయి.

ఇప్పుడు ఏదో ఇబ్బంది వచ్చి సందేశాలు గంటకు 28 అయ్యాయనుకోండి. పెరిగింది 40 శాతమే. ముగ్గురే ఉంటే సగటు నిరీక్షణ 26 నిమిషాలకు ఎగబాకుతుంది. సగానికి పైగా జనం 15 నిమిషాల గడువు దాటిపోతారు. నాలుగో మనిషిని కూర్చోబెడితే అదే నిరీక్షణ రెండు నిమిషాల చిల్లరకు దిగుతుంది. ఒక్క మనిషి తేడా. "మీరు కాస్త వేగంగా చెయ్యండి" అని డెస్కులో ఉన్నవాళ్లను గద్దిస్తే ఈ తేడా పూడదు. వాళ్లు చేయగలిగేది చదవకుండానే రెడీమేడ్ వాక్యం అతికించడం. మా వాడు ఆ శనివారం ఉదయం చేసింది అదే. అతని మీద నాకు కోపం లేదు.

ఈ లెక్కకు హద్దు కూడా ఉంది. సర్వర్లు పడిపోయి ఒక్క గంటలో రెండువేల సందేశాలు వచ్చిన రోజు ఏ సూత్రమూ కాపాడదు. ఆ రోజు విడివిడిగా జవాబులు రాస్తూ కూర్చోకూడదు. ఏం జరిగింది, ఎవరికి వర్తిస్తుంది, మళ్లీ ఎన్ని గంటలకు కబురు చెబుతాం అని ఒక పోస్టు రాసి ఖాతా పైన పిన్ చేయాలి. చెప్పిన వేళకు, కొత్త సంగతి లేకపోయినా, ఇంకా లేదని చెప్పాలి.

5. మొదటి జవాబు తర్వాత జరిగేదానికీ గడువు పెట్టండి.

ఆవిడ కేసులో మొదటి మనిషి జవాబుకు పట్టింది 13 గంటల 53 నిమిషాలు. మిగిలిన నాలుగు రోజులకు పైగా ఆ తర్వాత పోయినవే. సోషల్ మీడియా డెస్కుకు చాలాచోట్ల ఆర్డర్లు కనిపించే తెర ఉండదు, డబ్బు వెనక్కి వేసే అధికారం ఉండదు. వాళ్లు చేసేది కబురు మోయడం. చెల్లింపుల విభాగం, రవాణా విభాగం తీరిక చూసుకుని జవాబిస్తాయి, ఎందుకంటే వాటి మీద గడువు లేదు. జనానికి కనబడే గడువు డెస్కుది, కనబడని ఆలస్యం వెనక గదులది. మొదటి అంచె కేసులకు వెనక విభాగాలకూ రాతపూర్వకంగా గడువు ఉండాలి, ఆ విభాగానికి సెలవైన రోజుల్లో ఎవరు చూస్తారో పేరుతో సహా తెలియాలి. డెస్కు కస్టమర్‌కు రాసే ప్రతి సందేశంలో మళ్లీ ఎప్పుడు రాస్తామన్న వేళ ఉండాలి. ఆ వేళ తప్పితే అది కూడా రిపోర్టులోకి ఎక్కాలి.

ఆలస్యం వల్ల వచ్చే చిక్కు ఒకటి కొందరు అధిపతులకు తెలియకపోవచ్చు. వాట్సాప్ బిజినెస్‌లో కస్టమర్ చివరి సందేశం నుంచి 24 గంటల దాకానే సంస్థ స్వేచ్ఛగా రాయగలదు. ఆ తర్వాత ముందుగా ఆమోదం పొందిన టెంప్లేటు సందేశాలే వెళ్తాయి. మెసెంజర్‌లోనూ 24 గంటలే సాధారణ గడువు, మనిషి స్వయంగా జవాబిచ్చే సందర్భాలకు ప్రత్యేక అనుమతితో ఏడు రోజుల దాకా వీలుంటుంది. అంటే శుక్రవారం రాత్రి వాట్సాప్‌లో అడిగిన మనిషికి సోమవారం జవాబు రాద్దామనుకుంటే తలుపు మూసుకుపోయి ఉంటుంది. "మీకు సహాయం కావాలంటే తిరిగి సందేశం పంపండి" అన్న టెంప్లేటు వెళ్తుంది. ఆ మనిషి మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. వారాంతంలో డెస్కు మూసే సంస్థ ఈ రెండు వేదికలను సపోర్టు కోసం తెరిచే ముందు ఈ లెక్క చూసుకోవాలి. నిలబెట్టలేని తలుపు తెరవకపోవడమే జనానికి మేలు.

6. మీ ఆలస్యంలో దొంగలు దూరుతున్నారని గుర్తించండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. సంస్థల ఖాతాలను ట్యాగ్ చేసిన ఫిర్యాదులను వెతికి పట్టుకుని, నకిలీ సపోర్టు ఖాతాతో జవాబిచ్చే మోసానికి యాంగ్లర్ ఫిషింగ్ అని పేరు. వాళ్లు రాత్రిళ్లూ సెలవు రోజుల్లోనూ పనిచేస్తారు. ఆందోళనలో ఉన్న మనిషికి ఎవరు ముందు పలకరిస్తే వాళ్లే సంస్థ. మన ఆటోమేటిక్ జవాబు త్వరలో సంప్రదిస్తామంటుంది. అరగంటలో ఎవరో సంప్రదిస్తారు. నమ్మకుండా ఎలా ఉంటారు? ఆ నమ్మకాన్ని సిద్ధం చేసింది మన వాక్యమే.

అందుకని ఆటోమేటిక్ జవాబును మార్చండి. "త్వరలో" అన్న మాట తీసేయండి. మేం రేపు ఉదయం 9 తర్వాతే రాస్తాం, ఈ ఖాతా నుంచే రాస్తాం, ఈలోగా మా పేరుతో ఎవరు రాసినా నమ్మకండి, ఓటీపీ, పిన్, పాస్‌వర్డ్ మేం ఎప్పుడూ అడగం అని రాయండి. ఆవిడకు ఆ రాత్రి 9:13కి వెళ్లిన సందేశంలో ఈ నాలుగు ముక్కలు ఉంటే ఆ మూడోసారి డబ్బు పోయేది కాదేమో. పోస్టులో ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు కనబడితే వాటిని తీసేయమని ఆ జవాబులోనే చెప్పండి. మీ పేరుకు దగ్గరగా ఉన్న ఖాతాల కోసం రోజూ వెతికి వేదికకు రిపోర్టు చేసే పని ఒక మనిషికి అప్పగించండి. ప్రైవేట్ సంభాషణలోకి మారాల్సినప్పుడు కస్టమర్‌ను వెతుక్కోమనకండి. నేరుగా సంస్థ ఇన్‌బాక్సు తెరుచుకునే లింకును ట్విటర్ 2016లోనే ఇచ్చింది. దాన్ని వాడితే మనిషి దారి తప్పి నకిలీ ఖాతాలోకి వెళ్లడు.

నిరీక్షణ సమయాన్ని బయటికి చెబితే పరువు పోతుందని మా అధికారులు భయపడేవారు. డచ్ విమాన సంస్థ కేఎల్‌ఎమ్ తన ట్విటర్ పేజీ పైనే ప్రస్తుతం జవాబుకు ఎంతసేపు పడుతుందో చూపించింది, ఐదు నిమిషాలకోసారి దాన్ని మార్చేది. పెద్ద యంత్రాంగం లేనివాళ్లకూ దారుంది. వరుసలో 120 సందేశాలున్నాయి, గంటకు 20 ముగుస్తున్నాయంటే, ఇప్పుడు రాసిన మనిషికి దాదాపు 6 గంటలు పడుతుంది. ఆ సంఖ్యను పూటకోసారి ఖాతా పరిచయంలో రాయడానికి ఐదు నిమిషాలు చాలు. 6 గంటలని తెలిస్తే ఆ మనిషి ఫోన్ చేసుకుంటాడు, బ్యాంకుకు చెప్పుకుంటాడు, లేదా నిద్రపోయి పొద్దున చూసుకుంటాడు. తెలియకపోతే ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటాడు.

ఈ ఆరింటిలో మొదటిదీ, చివరిదీ అమలు చేయడానికి కొత్త ఉద్యోగులు అక్కర్లేదు, కొత్త సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఈ వారంలోనే చేయవచ్చు. మూడోదానికి మీ సంతకం ఉన్న ఒక పేజీ చాలు. నాలుగోదానికి, ఐదోదానికి ఖర్చు ఉంది, ఇతర విభాగాల అధిపతులతో వాదన ఉంది, అది నాకు తెలుసు. వాటికి మూడు నెలల సమయం తీసుకోండి, కానీ ఆ తేదీని బయటికి ప్రకటించండి.

ఈలోగా మీ నుంచి కోరేది ఒక్కటి. పోయిన నెల సంభాషణల్లోంచి యాభై తీయించండి. సాఫ్ట్‌వేర్ ఎంచినవి కాకుండా, ప్రతి ఇరవయ్యోదో ముప్పయ్యోదో చొప్పున. వాటిని మీ కింది ఉద్యోగికి ఇవ్వకుండా మీరే చదవండి. ఒక్కోదాని పక్కన రెండు సంఖ్యలు రాయండి: రిపోర్టు చెప్పిన మొదటి స్పందన సమయం, ఆ కస్టమర్‌కు తన సమస్య గురించి మొదటి నిజమైన మాట అందిన సమయం. ఆ కాగితాన్ని మీ తర్వాతి సమీక్షా సమావేశంలో అందరి ముందూ పెట్టండి. డెస్కులో కూర్చుని జవాబులు రాసేవాళ్లను కూడా ఆ సమావేశానికి పిలవండి.

గౌరవంతో,
సోషల్ మీడియా సపోర్టు డెస్కు మాజీ ఉద్యోగి